రోజంతా యాప్‌లు తుడుస్తూనే ఉన్నా మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతోంది. స్ప్లిట్ స్క్రీన్ వల్లేనా?

పద్మజ_తెనాలి

అందరికీ నమస్కారమండి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14 ఉంది, కొని ఏడాదిన్నర. సాయంత్రం పేపర్లు దిద్దేటప్పుడు స్క్రీన్‌ని రెండు సగాలు చేసి పైన ఆన్సర్ కీ పీడీఎఫ్, కింద మార్కులు వేసే షీట్ పెట్టుకుంటాను. అటూ ఇటూ మారే బాధ లేదు, చాలా హాయిగా ఉంది. కానీ మా వారు ఒప్పుకోరు. రెండు యాప్‌లు ఒకేసారి తెరిస్తే డబుల్ చార్జింగ్ తింటుందట. పని అవ్వగానే రీసెంట్స్‌లోకి వెళ్లి క్లియర్ ఆల్ కొట్టమంటారు. ఆయనే కాదు, మా ఇంట్లో పిల్లల దాకా అందరికీ అదే అలవాటు. ఫోన్ లాక్ చేసే ముందు కూడా ఒకసారి తుడుస్తాం.

ఇంత చేస్తున్నా బడిలో మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇరవై శాతానికి పడిపోతోంది. స్ప్లిట్ స్క్రీన్ మానేయాలా? క్లియర్ ఆల్ ఇంకా ఎక్కువసార్లు కొట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీను_మొబైల్స్_రాజమండ్రి

మేడం గారూ, పదిహేనేళ్లుగా సర్వీస్ షాపు నడుపుతున్నానండి. మీ వారు చెప్పింది కరెక్టే. వెనక యాప్‌లు తెరిచి ఉంటే ర్యామ్ నిండిపోద్ది, ర్యామ్ నిండితే ప్రాసెసర్ మీద లోడు పడుద్ది, అక్కడే బ్యాటరీ పోద్ది. మా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం ముప్పై నలభై యాప్‌లు అలాగే వదిలేసినవే. తుడిచి ఇస్తే స్పీడు పెరిగిందని సంతోషంగా పోతారు. స్ప్లిట్ స్క్రీన్ అనేది కూడా షోకే గానీ చిన్న ఫోన్లకు పనికిరాదండి.

రమేష్_డెలివరీ_కూకట్‌పల్లి

అక్కా నేను దినమంతా స్ప్లిట్‌లనే ఉంటా. పైన మ్యాప్, కింద ఆర్డర్ యాప్. ఫోన్ అయితే పొయ్యి లెక్క కాలుతది. బండికి చార్జర్ పెట్టిన గూడా పర్సంటేజ్ పెరగదు. అందుకే ఆర్డర్ ఇచ్చినంక మ్యాప్‌ని పైకి తోసి తీసేస్త, మళ్ల ఇంకో ఆర్డర్ వస్తె తెరుస్త. ఒక్కోసారి అన్నీ తుడిస్తె ఆర్డర్ యాప్ గూడ పోయి, ఆర్డర్లు రావడమే బంద్ అయితది. అది చూసుకునేసరికి అరగంట పోతది. గిదేంది అన్నలూ, ఎవరన్నా చెప్పుండ్రి.

వంశీ_యాప్స్

ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నా ఉద్యోగం. పద్మజ గారు, మీరు రాసినదాంట్లోనే ఒక ఆధారం ఉంది. స్ప్లిట్ స్క్రీన్ వాడేది సాయంత్రం ఇంట్లో. చార్జింగ్ పడిపోయేది పగలు బడిలో. పాఠం చెప్పేటప్పుడు ఫోన్ సంచిలోనో టేబుల్ సొరుగులోనో ఉంటుంది కదా? అంటే స్క్రీన్ ఆరిపోయి ఉన్నప్పుడు ఏదో తింటోంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు క్లియర్ ఆల్ గురించి.

రీసెంట్స్‌లో కనిపించే కార్డులు నడుస్తున్న యాప్‌ల జాబితా కాదు. మీరు ఈమధ్య తెరిచినవాటి జాబితా, అంతే. కాల్ లాగ్‌లో పేరున్నంత మాత్రాన ఆ మనిషి ఇంకా లైన్లో ఉన్నట్టు కాదు కదా. నమ్మకం కలగకపోతే ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేయండి, ఏ యాప్‌నీ తెరవకుండా రీసెంట్స్ చూడండి. చాలా ఫోన్లలో పాత కార్డులు అలాగే ఉంటాయి. ఫోన్ మొత్తం ఆగి మళ్లీ మొదలైంది, అవి నడుస్తూ ఉండే అవకాశమే లేదు. ఆ బొమ్మలు మీరు చివరిసారి చూసిన తెర తాలూకు ఫోటోలు.

మీరు ఒక యాప్ వదిలి ఇంకోదానికి వెళ్లగానే మొదటిది ర్యామ్‌లో కూర్చుంటుంది, చాలావరకు ఏ పనీ చేయదు. ఆండ్రాయిడ్ 11 నుంచి అలా కూర్చున్న యాప్‌లను గడ్డకట్టించేసే ఏర్పాటు కూడా ఉంది. ప్రాసెసర్ వాటికి ఒక్క క్షణం కూడా ఇవ్వదు. ఇక శ్రీను గారు చెప్పిన ర్యామ్ సంగతి. ర్యామ్ నిండా ఉన్నా ఖాళీగా ఉన్నా దానికి కావలసిన కరెంటు దాదాపు ఒకటే. ఖాళీ చేస్తే ఆదా ఏమీ రాదు.

సుబ్బారావు_కె

పద్మజ గారికి, నాది కూడా ఇదే సమస్య. ఫోన్ నిండిపోయింది అని మెసేజ్ వస్తోంది. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి క్లియర్ డేటా కొట్టమని మా మేనల్లుడు చెప్పాడు. అన్ని యాప్‌లకూ కొట్టొచ్చా?

వంశీ_యాప్స్

సుబ్బారావు గారూ, ఆగండి! అది వేరే విషయమండి. మీది స్టోరేజ్ నిండడం. క్లియర్ డేటా కొడితే ఆ యాప్ కొత్తగా వేసినట్టు అయిపోతుంది, బ్యాకప్ లేకపోతే వాట్సాప్ సంభాషణలు కూడా పోతాయి. కావాలంటే క్లియర్ కాష్ కొట్టండి, దాంతో నష్టం లేదు. ఇక్కడ మాట్లాడుకుంటున్న క్లియర్ ఆల్ వల్ల ఫోటోలు గానీ చాట్‌లు గానీ ఏమీ పోవు.

శ్రీను_మొబైల్స్_రాజమండ్రి

వంశీ గారూ, మీరు పుస్తకంలో చెప్పినట్టు చెబుతున్నారు గానీ కస్టమర్ చేతిలో ఫోను అలా ఉండదండి. తుడిస్తే స్పీడు పెరగడం నా కళ్లతో చూశాను.

వంశీ_యాప్స్

శ్రీను గారూ, మీ మాటకి ఒకప్పుడు ఆధారం ఉండేది. పాత ఆండ్రాయిడ్‌లో యాప్‌లు వెనక సర్వీసులు తమ ఇష్టం వచ్చినట్టు నడుపుకునేవి. టాస్క్ కిల్లర్ యాప్‌లు అందరూ వేసుకునేవారు గుర్తుందా? 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరి, చార్జర్ లేకుండా కాసేపు ఉంటే యాప్‌ల నెట్ వాడకాన్నీ పనులనూ ఆపేసి, అప్పుడప్పుడు మాత్రం ఒక చిన్న విరామంలో అన్నిటినీ కలిపి చేసుకోనిస్తుంది. 2017లో ఆండ్రాయిడ్ 8 వెనక సర్వీసులకు పగ్గం వేసింది. ఆ తర్వాత ప్రతి వెర్షన్ ఇంకొంచెం బిగించుకుంటూ వచ్చింది. అలవాటు మాత్రం అప్పటిదే మిగిలిపోయింది.

తుడిచాక ఏమవుతుందో కంప్యూటర్‌కి ఫోన్ కలిపి మీరే చూడొచ్చు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌లో గూగుల్ వాళ్ల adb టూల్ వేసుకుని ఇవి కొట్టండి. సెట్టింగ్స్ యాప్‌నే ఉదాహరణకి తీసుకున్నాను.

```
adb shell am force-stop com.android.settings
adb shell am start -W -n com.android.settings/.Settings
adb shell input keyevent 3
adb shell am start -W -n com.android.settings/.Settings
```

మొదటి వరుస యాప్‌ని చంపుతుంది, రెండోది తెరుస్తుంది, మూడోది హోమ్ బటన్, నాలుగోది మళ్లీ తెరవడం. మొదటిసారి తెరిచినప్పుడు `LaunchState: COLD` అని, రెండోసారి `LaunchState: HOT` అని వస్తుంది. దాని కింద `TotalTime` అని మిల్లీసెకన్లలో ఒక అంకె ఉంటుంది. నా ఫోన్‌లో మొదటిది సెకనుకి కాస్త తక్కువ, రెండోది అందులో పదో వంతు కూడా లేదు. ఆ తేడా అంతా పని. స్టోరేజ్ నుంచి కోడ్ చదవాలి, ప్రాసెస్ పుట్టించాలి, తెర మొదటి నుంచి గీయాలి. సెట్టింగ్స్‌కే ఇంత ఉంటే, తెరవగానే సర్వర్‌తో మాట్లాడి బొమ్మలు దించుకునే యాప్‌కి ఇంకా ఎక్కువ. రోజుకి పదిసార్లు తెరిచే వాట్సాప్‌ని పదిసార్లూ తుడిస్తే ఈ పనే పదిసార్లు చేయించినట్టు. ఒక్కోసారికి అయ్యే ఖర్చు చిన్నదే, దానివల్ల మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోదు. కానీ లెక్క అటువైపే మొగ్గుతుంది గానీ ఆదా వైపు కాదు.

కిరణ్_డాలస్

ఐఫోన్‌లోనూ ఇదే కథ. 2016లో ఒక యూజర్ ఆపిల్‌కి ఈమెయిల్ రాసి అడిగితే, సాఫ్ట్‌వేర్ పెద్ద క్రెయిగ్ ఫెడరిగీ తను యాప్‌లు అలా మూయనని, బ్యాటరీకి దానివల్ల ఉపయోగం లేదని జవాబిచ్చారు. అయినా ఇండియా వచ్చినప్పుడల్లా మా అమ్మ నా ఫోన్ లాక్కుని అన్నీ పైకి తోసేస్తుంది. ఐఫోన్‌లో స్ప్లిట్ స్క్రీన్ లేదు కాబట్టి ఆ సగం గురించి నేను చెప్పేదేం లేదు.

పద్మజ_తెనాలి

రీస్టార్ట్ చేసి చూశానండి. నిజంగానే నిన్నటి కార్డులు అలాగే ఉన్నాయి! మా వారికి చూపించాను. "ఫోన్ సరిగ్గా ఆఫ్ అవ్వలేదేమో" అన్నారు.

మరి స్ప్లిట్ స్క్రీన్ సంగతి చెప్పలేదు మీరు.

వంశీ_యాప్స్

స్ప్లిట్ స్క్రీన్ ఆండ్రాయిడ్‌లోకి అధికారికంగా 2016లో వచ్చింది, వెర్షన్ 7తో. అప్పట్లో రెండు సగాలు కనిపించినా మీరు చివరగా తాకిన సగమే పూర్తిగా మెలకువగా ఉండేది, రెండోది సగం నిద్రలో ఉండేది. ఆండ్రాయిడ్ 10 నుంచి కనిపించే రెండూ మెలకువగానే ఉంటాయి. ఇది విని మీ వారు "చూశావా, డబుల్" అనొచ్చు. కానీ మెలకువగా ఉండటం వేరు, పని చేయడం వేరు. మీ పీడీఎఫ్ పేజీ కదలకుండా ఉంటే అది ఒకసారి గీసేసిన బొమ్మ. మీరు జరిపేదాకా ప్రాసెసర్‌కి దానితో పని లేదు. అక్కడ అసలు ఖర్చు స్క్రీన్ వెలుగుది. ఒక యాప్ ఉన్నా రెండున్నా వెలిగేది ఆ ఒక్క తెరే.

పైసగంలో వీడియో పెడితే లెక్క మారుతుంది. వీడియో విప్పడం, నెట్, పైగా వీడియో ఆడుతున్నంతసేపూ తెర ఆరదు. అప్పుడు కూడా తినేది వీడియోనే, రెండుగా చీల్చినందువల్ల కాదు.

ఇంకోటి. స్ప్లిట్‌లో ఉన్న జత రీసెంట్స్‌లో ఒకే కార్డుగా ఉంటుంది. మీరు క్లియర్ ఆల్ కొడితే ఆ జత విడిపోతుంది. మర్నాడు పీడీఎఫ్ మళ్లీ వెతుక్కోవాలి, పేజీ వెతుక్కోవాలి, షీట్ తెరవాలి, మళ్లీ చీల్చాలి. తుడవకపోతే ఆ కార్డు నొక్కగానే రెండూ ఉన్నచోటే వస్తాయి. ఈలోగా ర్యామ్‌లోంచి పోయినా సరే, చాలా యాప్‌లు ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుంటాయి.

రమేష్_డెలివరీ_కూకట్‌పల్లి

అన్నా నాదాని గురించి ఏమనలే.

వంశీ_యాప్స్

వస్తున్నా రమేష్. ఎండలో బండి మీద వెళ్తున్నావు. బ్రైట్‌నెస్ ఫుల్లు, జీపీఎస్ ఆగకుండా, నెట్ ఆగకుండా, పైనుంచి చార్జింగ్. ఈ నాలుగూ వేడి పుట్టించేవే. ఫోన్ మరీ వేడెక్కితే బ్యాటరీని కాపాడుకోవడానికి చార్జింగ్ తనే తగ్గించేస్తుంది, అందుకే పర్సంటేజ్ కదలదు. స్ప్లిట్ తీసేసి మ్యాప్ ఒక్కటే పెట్టినా దాదాపు అంతే కాలుతుంది. తెలిసిన దారి అయితే నావిగేషన్ పెట్టకు, ఫోన్‌ని ఎండ తగలకుండా కట్టు. అంతకు మించి నా దగ్గర మంత్రం లేదు.

మ్యాప్‌ని తోసేయడం బదులు నావిగేషన్‌లో ఉన్న క్రాస్ గుర్తు నొక్కి దారి చూపడం ఆపేయి. జీపీఎస్ వాడకం అక్కడితో ఆగిపోతుంది. యాప్ కార్డుగా పడి ఉంటే నష్టం లేదు.

ఆర్డర్లు రాకపోవడం మాత్రం తుడవడం వల్లే. మామూలు ఆండ్రాయిడ్‌లో కార్డు తోసేస్తే యాప్ ర్యామ్‌లోంచి పోయినా నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి. కానీ కొన్ని కంపెనీలు తమ సొంత మార్పులు చేసి, తోసేయడాన్ని ఫోర్స్ స్టాప్‌తో సమానం చేశాయి. ఫోర్స్ స్టాప్ అయిన యాప్‌కి, నువ్వు మళ్లీ నీ చేత్తో తెరిచేదాకా ఏ మెసేజూ అందదు, అలారం కూడా మోగదు. నీ ఫోన్‌లో కార్డుని కాసేపు నొక్కిపట్టు, లేదా కిందికి లాగు, తాళం గుర్తు వస్తుందేమో చూడు. తాళం వేస్తే క్లియర్ ఆల్ కొట్టినా అది పోదు. తర్వాత ఆ యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టు. ఒక్క ఆర్డర్ యాప్‌కే పెట్టు, అన్నిటికీ కాదు.

రమేష్_డెలివరీ_కూకట్‌పల్లి

తాళం దొరికింది అన్నా! నొక్కిపడితే వచ్చింది. రేపు డ్యూటీల చూసి చెప్త.

అబ్దుల్_కర్నూలు

వంశీ గారి మాటతో నాకు పేచీ ఉంది. నేను పరీక్ష పెట్టాను. రాత్రి వంద శాతం చార్జింగ్‌తో, వైఫై ఆన్‌లో, ఫోన్ టేబుల్ మీద పెట్టి పడుకున్నాను. ఒక రాత్రి కార్డులన్నీ వదిలేసి, ఇంకో రాత్రి అన్నీ తుడిచి. తుడిచిన రాత్రి ఉదయానికి స్పష్టంగా ఎక్కువ మిగిలింది. ఒకటి రెండు శాతం కాదు, బాగానే తేడా ఉంది. దీనికేమంటారు?

వంశీ_యాప్స్

మంచి పరీక్ష పెట్టారు. మీ ఆండ్రాయిడ్ 13 లేదా ఆపైనదైతే ఒక పని చేయండి. కార్డులు వదిలేసే రాత్రి, పడుకునే ముందు నోటిఫికేషన్ తెరని పూర్తిగా కిందికి లాగండి. క్విక్ సెట్టింగ్స్ అడుగున "ఇన్ని యాప్‌లు యాక్టివ్‌గా ఉన్నాయి" అని ఒక చిన్న వరుస ఉంటుంది. కొన్ని ఫోన్లలో అంకె ఒక్కటే ఉంటుంది. అది నొక్కితే వచ్చేదే అసలు నడుస్తున్నవాటి జాబితా. రీసెంట్స్ కాదు, ఇదీ చూడాల్సింది. అందులో ఏముందో చెప్పండి.

అబ్దుల్_కర్నూలు

చూశాను. ఒక క్రికెట్ స్కోర్ యాప్ ఉంది, ఎంతసేపటి నుంచి నడుస్తోందో కూడా చూపిస్తోంది, పక్కన స్టాప్ బటన్. మ్యాచ్ ఎప్పుడో సాయంత్రమే అయిపోయింది! తేలుతూ కనిపించే స్కోర్ డబ్బా ఒకటి ఆన్ చేశాను, అది ఆపడం మర్చిపోయినట్టున్నాను. మిగతా ఇరవై పైచిలుకు కార్డుల్లో ఒక్కటీ ఈ జాబితాలో లేదు.

వంశీ_యాప్స్

అంతే. మీకు కలిసొచ్చింది ఆ ఒక్క యాప్ ఆగడం వల్ల. దాన్ని ఆపడానికి మిగతావాటినీ తుడిచారు కాబట్టి పుణ్యం క్లియర్ ఆల్‌కి పోయింది. అక్కడే స్టాప్ నొక్కితే సరిపోతుంది. స్టాప్ నొక్కడం ఫోర్స్ స్టాప్ అంత కఠినం కాదు, ఆ యాప్ పెట్టుకున్న అలారాలు తర్వాత మోగుతాయి. అయితే అలారం గడియారం, బ్లూటూత్ వాచీ లాంటివి అక్కడ కనిపిస్తే ముట్టుకోకండి, వాటికి నడవాల్సిన అవసరం ఉంది.

అబ్దుల్_కర్నూలు

సరే, ఆ యాప్ ఒక్కదాన్నే ఆపి మళ్లీ పరీక్ష పెడతాను. అప్పటిదాకా ఒప్పుకున్నట్టు కాదు.

శ్రీను_మొబైల్స్_రాజమండ్రి

అదే కదండీ నేను చెప్పేది. కస్టమర్‌కి ఈ యాక్టివ్ యాప్‌లు, స్టాప్ బటన్లు ఎవరు చూపిస్తారు? క్లియర్ ఆల్ కొడితే దొంగ కూడా పోతాడు, దొరా పోతాడు. మూడు జీబీ ర్యామ్ ఫోన్ల మీద నా అభిప్రాయం మాత్రం మారదు. గేము ఆడి వదిలేస్తే కీబోర్డు కూడా నత్తనడక నడుస్తుందండి.

వంశీ_యాప్స్

గేమ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అంత పెద్దదాన్ని ఆడటం అయిపోయాక ఆ ఒక్క కార్డు తోసేస్తే చిన్న ఫోన్లలో మిగతావి తేలిగ్గా కదులుతాయి. అది స్పీడు సంగతి, బ్యాటరీ సంగతి కాదు. అలాగే ఏదైనా యాప్ బిగుసుకుపోతే తోసేసి మళ్లీ తెరవడమే మందు.

పద్మజ గారు, ఇప్పుడు మీ బడి సంగతి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరవండి. కడ్డీల బొమ్మలో మీరు బడిలో ఉన్న గంటలు ఎంచుకోండి. కింద యాప్‌ల వారీగా ఉంటుంది, దాన్ని సిస్టమ్ వారీగా మార్చే వీలు కూడా ఉంటుంది. రెండూ చూసి పైన ఏముందో రాయండి.

పద్మజ_తెనాలి

యాప్‌ల వారీగా చూస్తే వాట్సాప్ పైన ఉంది గానీ అది కూడా చాలా తక్కువే. సిస్టమ్ వారీగా మార్చితే మొదట మొబైల్ నెట్‌వర్క్ అని ఉంది, మిగతావన్నీ దాని ముందు ఎక్కడా లేవు. ఆదివారం రోజుది చూస్తే అదే మొబైల్ నెట్‌వర్క్ ఎక్కడో అడుగున ఉంది. దీని అర్థం ఏమిటి?

వంశీ_యాప్స్

బడిలో సిగ్నల్ ఎలా ఉంటుంది? అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ అని ఉంటుంది, అందులో సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎంలో చూపిస్తుంది. మైనస్ అంకె. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీకి మైనస్ 90 లోపు ఉంటే నిశ్చింత, మైనస్ 110 దాటి ఇంకా కిందికి పోతే కష్టం. ఇంట్లో ఒకసారి, బడిలో ఒకసారి చూడండి. రెండు సిమ్‌లూ చూడండి.

పద్మజ_తెనాలి

ఇంట్లో మొదటి సిమ్ మైనస్ 87. స్టాఫ్ రూమ్‌లో మైనస్ 116. రెండో సిమ్‌కి స్టాఫ్ రూమ్‌లో సర్వీసే లేదని చూపిస్తోంది. పాతకాలం కట్టడమండి, గోడలు చాలా మందం. ఆ రెండో సిమ్ బ్యాంకు ఓటీపీల కోసం ఉంచుకున్నది.

వంశీ_యాప్స్

అదీ సంగతి. టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గట్టిగా అరవాలి, అంటే రేడియో ఎక్కువ పవర్‌తో పంపాలి. సర్వీసే లేని సిమ్ ఇంకా ఘోరం, రోజంతా టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. మీరు రీసెంట్స్‌ని ఎంత తుడిచినా ఈ వెతుకులాట ఆగదు, దానికి కార్డు ఉండదు.

బడికి వెళ్లేముందు సెట్టింగ్స్‌లో రెండో సిమ్ ఆఫ్ చేయండి, ఇంటికొచ్చాక ఆన్ చేయండి. మొదటి సిమ్‌కి నెట్‌వర్క్ టైపులో 5జీ తీసి 4జీ పెట్టి చూడండి. సిగ్నల్ అంచున ఉన్నచోట 5జీ, 4జీ మధ్య ఊగిసలాడటం తగ్గొచ్చు.

పద్మజ_తెనాలి

రెండో సిమ్ ఆఫ్ చేసి, 4జీ పెట్టి వెళ్లానండి. ఇవాళ బడి వదిలేసరికి యాభై దాటి ఉంది. దేనివల్ల ఎంత మిగిలిందో మాత్రం తెలియలేదు, రెండూ ఒకేసారి మార్చేశాను.

మా వారు ఇంకా తుడుస్తూనే ఉన్నారు. నాది ఆయన చేతికి దొరక్కుండా స్ప్లిట్ జతకి తాళం వేద్దామంటే మా ఫోన్‌లో ఆ గుర్తు కనిపించట్లేదు. జతని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునే దారి ఉందా?

వంశీ_యాప్స్

జతని ఐకాన్‌గా దాచుకునే ఏర్పాటు మామూలు ఆండ్రాయిడ్‌లో 15తో వచ్చింది. కొన్ని కంపెనీలు అంతకు ముందు నుంచే ఇస్తున్నాయి. స్ప్లిట్‌లో ఉండగా రీసెంట్స్‌కి వెళ్లి, ఆ జత కార్డు పైనున్న ఐకాన్ నొక్కి చూడండి. సేవ్ యాప్ పెయిర్ అని కనిపిస్తే ఉన్నట్టే. లేకపోతే 15 వచ్చేదాకా ఆగాలి.

రమేష్_డెలివరీ_కూకట్‌పల్లి

అన్నా తాళం వేసినంక అన్నీ తుడిచి చూసిన, ఆర్డర్లు వస్తున్నయ్. కాల్చుడు మాత్రం అట్లనే ఉంది. గొడుగు పెట్టమంటవా ఏంది?